పిల్లిని వదిలేశారు, కత్తిపీటను ఉంచుకున్నారు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ఒక నోటీసు అంటించారు. గర్భిణులున్న ఇళ్లలో పిల్లులను ఉంచకూడదట, నెలలోగా ఎక్కడికైనా పంపించేయాలట. మేం ఉండేది బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర. మా బ్లాకులో సగం మంది తెలుగువాళ్లమే కాబట్టి ఆ నోటీసు మీద గొడవంతా తెలుగులోనే జరిగింది. నేను అనంతపురం జిల్లాలో పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లలో కబేళాలో మాంసం తనిఖీ కూడా చేశాను. ఇలాంటి నోటీసులు మిగతా అపార్ట్‌మెంట్లలోనూ పడుతున్నాయని విన్నాను. అందుకే ఈ ఉత్తరం.

ఈ నోటీసుకు కారణం మూడో అంతస్తులో ఉండే నెల్లూరు అమ్మాయి. పదకొండో వారంలో డాక్టరమ్మ రాసిన రక్తపరీక్షల్లో, కడుపులో బిడ్డకు హాని చేసే కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చూసే 'టార్చ్' అనేది కూడా ఉంది. రిపోర్టులో టాక్సోప్లాస్మా అనే క్రిమి పేరు ఎదురుగా ఐజీజీ పాజిటివ్, ఐజీఎం కూడా హద్దుకు కాస్త పైన. మర్నాడు ఇంటర్నెట్‌లో వెతికితే ప్రతిచోటా పిల్లి బొమ్మే. అత్తగారు ఆ రాత్రే ఇంట్లో నాలుగేళ్లుగా పెరుగుతున్న పిల్లిని సంచిలో పెట్టించి, హొసకోట వైపు చేపల మార్కెట్ దగ్గర వదిలేయించారు. కడుపులో బిడ్డకు ఏదో అయిపోతుందన్న టెన్షన్‌లో చేసిన పని. ఆవిణ్ణి నేను తప్పు పట్టను. తప్పు ఆ రిపోర్టును వివరణ లేకుండా చేతిలో పెట్టినవాళ్లది.

ఐజీజీ, ఐజీఎం రెండూ క్రిమిని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు. ఐజీఎం అంటే జబ్బు కొత్తగా తగిలినప్పుడు ముందుగా పుట్టేది, తర్వాత తగ్గిపోయేది అని మనం అనుకుంటాం. టాక్సోప్లాస్మా విషయంలో అది అంత తొందరగా పోదు. నెలల తరబడి కనిపిస్తుంది, కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది. కాబట్టి ఐజీఎం పాజిటివ్ అన్న ఒక్క మాటతో 'ఇప్పుడే తగిలింది' అని తేల్చడానికి లేదు. తేల్చడానికి ఇంకో పరీక్ష ఉంది, ఐజీజీ ఎవిడిటీ అంటారు. ఒంట్లో పుట్టిన ఐజీజీ ఆ క్రిమిని ఎంత గట్టిగా పట్టుకుంటోందో అది చూస్తుంది. జబ్బు కొత్తదైతే పట్టు వదులుగా ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ బిగుస్తుంది. పట్టు గట్టిగా ఉందని వస్తే, జబ్బు తగిలి కనీసం నాలుగు నెలలైందని అర్థం. వదులుగా ఉందని వస్తే మాత్రం కొత్తదేనని ఖాయంగా చెప్పలేం. కొందరిలో పట్టు బిగియడానికి చాలాకాలం పడుతుంది. అప్పుడు రెండు మూడు వారాలాగి మళ్లీ పరీక్షించి, రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

నేను పశువుల డాక్టరునే గనక, ఈ పరీక్ష గురించి మీ డాక్టరమ్మనే అడగమని ఆ అమ్మాయికి చెప్పాను. ఆవిడ రాశారు. ఫలితంలో పట్టు గట్టిగానే ఉంది. అప్పటికి పదకొండు వారాలు, అంటే మూడు నెలలు కూడా నిండలేదు. జబ్బు తగిలి నాలుగు నెలలు దాటింది. అంటే గర్భం రాకముందే ఎప్పుడో వచ్చి పోయింది. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న మనిషిలో అలా పాతబడ్డ ఇన్ఫెక్షన్ బిడ్డకు చేరే భయం దాదాపు లేనట్టే. ఈ రిపోర్టు వచ్చేసరికి పిల్లిని వదిలేసి తొమ్మిది రోజులైంది.

విడ్డూరమేమిటంటే, ఇక్కడ నిజంగా జాగ్రత్తగా ఉండాల్సింది ఐజీజీ నెగెటివ్ వచ్చిన అమ్మాయి. ఆమెకు ఇంతవరకు ఈ జబ్బు రాలేదు, ఒంట్లో రక్షణ లేదు. గర్భంతో ఉండగా మొదటిసారి తగిలితేనే బిడ్డకు ముప్పు. మొదటి మూడు నెలల్లో తగిలితే బిడ్డకు చేరే అవకాశం తక్కువ గానీ, చేరితే మెదడుకూ కళ్లకూ నష్టం ఎక్కువ. నెలలు నిండాక దీనికి తలకిందులు. తల్లికి మాత్రం చాలాసార్లు ఏమీ తెలియదు. మెడ దగ్గర బిళ్లలు కట్టడం, కాస్త జ్వరం, నీరసం, అంతే. ఫ్రాన్స్‌లో నెగెటివ్ వచ్చిన గర్భిణులకు నెలనెలా పరీక్ష చేస్తారు. మన దగ్గర నెగెటివ్ రాగానే స్వీట్లు పంచుకుని మరిచిపోతాం.

ఇక పిల్లి సంగతి. ఈ క్రిమి గుడ్లలాంటివి, వాటిని ఊసిస్టులంటారు, పిల్లి పేగుల్లోనే తయారై మలంలో బయటికి వస్తాయి. అంతవరకు నిజం. కానీ పిల్లి సాధారణంగా జీవితంలో ఒక్కసారే, మొదటిసారి ఎలకనో పిట్టనో పచ్చి మాంసమో తిని జబ్బు తెచ్చుకున్నాక ఒకటి నుంచి మూడు వారాల పాటు మాత్రమే వాటిని వదులుతుంది. పైగా బయటికొచ్చిన వెంటనే అవి అంటుకోవు. ఒకటి నుంచి అయిదు రోజులు గాలి తగిలి పక్వానికి రావాలి. అందుకే పిల్లి ట్రేను రోజూ ఒకసారి తప్పకుండా ఎత్తిపారేస్తే అవి పనికొచ్చే దశకు రాకముందే పోతాయి. రెండు మూడు రోజులు అలాగే వదిలేస్తేనే చిక్కు. ఆ పని ఇంట్లో ఇంకెవరైనా చేయాలి. ఎవరూ లేకపోతే గర్భిణి గ్లౌజులు వేసుకుని చేసి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ట్రేను బ్లీచింగ్ నీళ్లతో కడిగి ధీమాగా ఉండేవాళ్లను చూశాను. బ్లీచింగ్‌కు ఈ ఊసిస్టులు చావవు, సలసల మరిగే నీళ్లు పోయాలి. ఆ చెత్తను కవర్లో మూటగట్టి శానిటరీ చెత్తలో వేయాలి గానీ కంపోస్టు డబ్బాలో వేయకూడదు. పిల్లికి పచ్చి మాంసం పెట్టకూడదు, బయట వేటకు వదలకూడదు, గర్భంతో ఉన్నన్నాళ్లు కొత్త పిల్లికూనలను తెచ్చుకోకూడదు. ఇంట్లోనే ఉండి ఉడికించిన చేప తినే నాలుగేళ్ల పిల్లితో ఈ జాగ్రత్తలు సరిపోతాయి.

మరి జబ్బు ఎక్కువగా ఎటు నుంచి వస్తోంది? యూరప్‌లో ఆరు నగరాల గర్భిణులను పరిశీలించి 2000లో ప్రచురించిన లెక్కల్లో, 30 నుంచి 63 శాతం వరకు ఇన్ఫెక్షన్లకు సరిగా ఉడకని, లేదా ఉడికించకుండా నిలవబెట్టిన మాంసమే కారణమని తేలింది. మట్టి తగలడం వల్ల 6 నుంచి 17 శాతం. ఇంట్లో పిల్లి ఉండటం ముప్పుగా లెక్కకే రాలేదు. మన తిండి వాళ్ల తిండి కాదు, నిజమే. కుక్కర్లో ఆరు కూతలు వేయించిన మటన్ కూరలో ఏ క్రిమీ బతకదు. కానీ అదే ఇంట్లో ఏం జరుగుతోందో చూడండి.

గొర్రె, మేక గడ్డితో పాటు ఊసిస్టులను మింగితే అవి కండలో సన్నటి తిత్తులుగా స్థిరపడతాయి. కంటికి కనపడవు. కబేళాలో కార్జం కోసి చూసి, ముద్ర వేసి పంపేవాణ్ణి. నేను ముద్ర వేసిన మాంసంలోనూ అవి ఉండే ఉంటాయి, చూసి పట్టుకునే దారి మాకు లేదు. ఆ అమ్మాయికి రక్తం పడుతుందని అత్తగారు వారానికి రెండుసార్లు మేక కార్జం వేయించి పెడుతున్నారు. ఎక్కువసేపు వేయిస్తే రాయిలా గట్టిపడుతుందని, లోపల ఎరుపు ఉండగానే దించేస్తారు. ఖీమా ఉండలు కలిపేటప్పుడు ఉప్పు సరిపోయిందో లేదో పచ్చి ముద్దను నాలుక మీద వేసుకుని చూస్తారు. మా ఇంట్లో మా ఆవిడా అలాగే చేసేది. మటన్ ముక్కలు చిన్నవి చేసిన కత్తిపీట మీదే, ఒకసారి నీళ్లు చల్లి, రైతాకు కీరా తరుగుతారు. పిల్లి పోయింది, ఇవి మూడూ అలాగే ఉన్నాయి.

ఖీమా లోపలంతా 71 డిగ్రీలకు చేరాలి. ముక్కలుగా ఉన్న మాంసమైతే 63కు చేరాక, దించి మూడు నిమిషాలు ఆగాలి. మాంసానికి గుచ్చే థర్మామీటరు లేకపోతే, మధ్యలో కోసి ఎరుపు లేదని, కారే రసం తేటగా ఉందని చూసుకోవడమే, అది అంత కచ్చితం కాకపోయినా. కార్జానికి కూడా ఇదే మాట, కాస్త గట్టిపడితే పడనివ్వండి. మైనస్ 18 డిగ్రీల చలిలో చాలా రోజులు ఉంచితే తిత్తులు చాలావరకు చస్తాయి గానీ, చిన్న ఫ్రిజ్‌ల ఐసు అరను అంత నమ్మలేం. కత్తిపీటను సబ్బుతో, వేడినీళ్లతో కడగాలి. లేదా కీరాను ముందు తరిగి పక్కన పెట్టుకుంటే గొడవే లేదు.

ఫ్రిజ్ అన్నాను కాబట్టి లిస్టీరియా అనే బాక్టీరియా గురించి రెండు మాటలు. గొర్రెలు ఒకే వైపుకు గిరగిరా తిరిగి పడిపోతే మేం దీన్నే అనుమానించేవాళ్లం. మిగతా సూక్ష్మజీవులు చాలావరకు చల్లదనానికి నిద్రపోతే, ఇది ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పెరుగుతుంది. వేడికి మాత్రం చస్తుంది. దక్షిణాఫ్రికాలో 2017-18లో వెయ్యి మందికి పైగా దీని బారిన పడింది ఫ్యాక్టరీలో ముందే ఉడికించి, చల్లగా అమ్మిన మాంసం ముద్దల వల్ల. ఇప్పుడు మన పిల్లల ఫ్రిజ్‌లలో సలామీ, సాసేజీ ప్యాకెట్లు ఉంటున్నాయి. గర్భిణి వాటిని చల్లగా బ్రెడ్డులో పెట్టుకు తినకుండా పొగలు వచ్చేదాకా వేడిచేయాలి. ఫామ్ నుంచి గాజు సీసాల్లో నేరుగా ఇంటికొచ్చే పచ్చి పాలను, ఎంత స్వచ్ఛమని చెప్పినా, పొంగించకుండా తాగకూడదు. హాఫ్‌బాయిల్ గుడ్డులో భయం వేరు, అది సాల్మొనెల్లా అనే మరో బాక్టీరియా. సొన గట్టిపడేదాకా ఉడికిస్తే అదీ పోతుంది.

అసోసియేషన్ వాళ్లను నేను అడిగింది ఒక్కటే. పిల్లల ఆటస్థలంలో ఇసుక గుంట ఉంది, రాత్రిపూట మూత ఉండదు. వీధిపిల్లులన్నీ అక్కడికే వస్తాయి. తడి ఇసుకలో ఊసిస్టులు ఏడాది పైనే బతుకుతాయి. మా టెర్రస్ మీద కొత్తిమీర, పాలకూర కుండీలదీ అదే కథ. ఆకును పారే నీళ్లలో బాగా కడగాలి, మట్టి పనికి గ్లౌజులు వేసుకోవాలి. గుంటకు ఒక టార్పాలిన్ పట్టా కొనండి చాలు అన్నాను. బడ్జెట్‌లో లేదన్నారు.

ఇక ల్యాబ్‌లకూ, డాక్టర్లకూ ఒక విన్నపం. టాక్సోప్లాస్మా ఐజీఎం పాజిటివ్ వచ్చినప్పుడు, 'ఇది పాతది కూడా కావచ్చు, ఎవిడిటీ పరీక్ష చూడాలి' అని రిపోర్టు అడుగునే తెలుగులోనో, కన్నడంలోనో ఒక వాక్యం వేయండి. ప్రతి గర్భిణికీ 'టార్చ్' అవసరమా అన్నది వేరే చర్చ. రాసినప్పుడైనా ఆ కాగితానికి అర్థం చెప్పి పంపండి.

నెల్లూరు అమ్మాయి భర్త ప్రతి ఆదివారం హొసకోట మార్కెట్‌కు వెళ్లి వస్తున్నాడు. పిల్లి ఇంకా దొరకలేదు. లిఫ్టు పక్కన నోటీసు ఇంకా అలాగే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువైద్యుడు,
కె.ఆర్.పురం, బెంగళూరు