సోమవారం నుంచి మన స్కూల్లో ఫిర్యాదు పెట్టె

తల్లిదండ్రులకు, టీచర్లకు నమస్కారం.

పెట్టెను మంచినీళ్ల నల్లాల దగ్గర పెడుతున్నాం. ఆఫీసు ముందు, కెమెరా కింద పెడితే ఎవ్వరూ వేయరు. నల్లా దగ్గరికైతే అందరూ వెళ్తారు, ఎవరు వేశారో తెలియదు.

రెండు తాళాలు. ఒకటి కమిటీ చైర్మన్ గారి దగ్గర, ఒకటి లెక్కల మేడం దగ్గర. రోజూ సాయంత్రం బెల్లయ్యాక ఇద్దరూ కలిసి తెరుస్తారు. చేతిరాత క్లాస్ టీచర్లు గుర్తుపడతారు కాబట్టి చీటీ వాళ్లకు చూపించరు, విషయం మాత్రం రిజిస్టర్లో ఎక్కిస్తారు. హెడ్‌మాస్టర్ సార్ మీద రాసినా సరే, అది నేరుగా ఎంఈఓ గారికి వెళ్తుంది.

పేరు వద్దు. పిల్లలు తమకు నచ్చిన నాలుగంకెల నంబర్ రాస్తే చాలు, జవాబు ఆ నంబర్ కింద నోటీసు బోర్డు మీద ఉంటుంది.

ఉదాహరణకు "బస్సులో వెనక సీటోళ్లు టిఫిన్ గుంజుకుంటున్నరు" అని వచ్చిందనుకోండి. "ఎవరు రాశారు?" అని క్లాసులో అడగం. రెండ్రోజులు ఒక సారు ఆ బస్సులోనే వెళ్లి చూస్తారు. నిజమైతే ఆ పిల్లల్ని విడివిడిగా పిలిచి, వాళ్ల మాట కూడా విని, తర్వాతే నిర్ణయం. ఒక్క చీటీతో ఎవరికీ శిక్ష పడదు.

లైంగిక వేధింపు అని రాసుంటే మాత్రం లోపల విచారణలు, రాజీలు ఉండవు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే. ఆగలేని పరిస్థితైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇంట్లో "నువ్వేనా రాసింది?" అని పిల్లల్ని అడగకండి, ప్లీజ్. చీటీల ఫొటోలు ఈ గ్రూపులో పెట్టొద్దు.