నిన్నటి మీటింగ్ విషయం, రాలేనివాళ్ల కోసం

అందరికీ నమస్కారం అండీ. నిన్న సాయంత్రం బ్రాడీపేటలో మన రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ గారు అయిదు మోసాల గురించి చెప్పారు. కేవైసీ ఫోన్లు, వాట్సాప్‌లో చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైలు, డబ్బులు పడాలంటే పిన్ కొట్టమనడం (పిన్ డబ్బు పంపడానికే అండీ, రావడానికి అక్కర్లేదు), షేర్ల గ్రూపులు, ఇవి మనకి కొంత తెలిసినవే.

ఎక్కువసేపు చెప్పింది మాత్రం డిజిటల్ అరెస్ట్ గురించి. మీ ఆధార్‌తో పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు, వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడు కనిపిస్తాడు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు కాల్ కట్ చెయ్యొద్దు అంటాడు, తర్వాత ఎఫ్‌డీ తీసి వెరిఫికేషన్‌కని వాళ్లు చెప్పిన అకౌంట్‌కి ఆర్టీజీఎస్ చెయ్యమంటాడు. ఓ పెద్దాయన జేబులో ఫోన్ ఆన్‌లోనే పెట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చి ఎఫ్‌డీ మొత్తం తీసెయ్యమన్నారట, ఎందుకండీ అంటే జేబు వైపు చూస్తారే గానీ మాట్లాడరట! అసలు మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

కాల్ కట్ చేసి పిల్లలకి చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, మోసగాళ్లు గబగబా వేరే అకౌంట్లకి మార్చేస్తారు కాబట్టి ఆలస్యమైతే ఆపడం కష్టం. నంబరు పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి.