గడ్డి కలియదున్నమన్నారు, మరి విత్తేది ఎప్పుడు?

సంపాదకుడు గారికి నమస్కారం.

వరి కోత అయ్యాక గడ్డి కాల్చొద్దు, నేలలో కలియదున్నండి అని మా మండలంలో ఏటా చెబుతున్నారు. మంచి మాటే. కానీ దున్నాక ఎన్నాళ్లు ఆగి విత్తాలో, యూరియా ఎప్పుడు వెయ్యాలో చెప్పడం లేదు. అది తెలియకే నిరుడు నేను దెబ్బతిన్నాను.

మిషనుతో కోయించిన ఎకరంలో రోటావేటర్ తిప్పించి, మూడో రోజే మొక్కజొన్న విత్తాను. మొలక బాగానే వచ్చింది. ఇరవై రోజులకు చేను చారలు చారలుగా పాలిపోయింది. జింకు లోపమేమో అనుకున్నాను. కానీ జింకు తక్కువైతే తెల్ల చారలు లేత ఆకుల్లో వస్తాయి, ఇక్కడ కింది ఆకులు కొన నుంచి నడిమి ఈనె వెంట పసుపెక్కాయి. నడిచి చూస్తే, కోత మిషను గడ్డి వదులుకుంటూ పోయిన దారిలోనే పంట పాలిపోయింది. మొక్క పీకితే వేళ్ల మధ్య గడ్డి పరకలు ఇంకా గట్టిగా, వంచినా విరగకుండా ఉన్నాయి. విత్తనం చాలక మూడు వారాలు ఆలస్యంగా విత్తిన పక్క మడిని కూడా అదే రోజు దున్నాం. అక్కడ పైరు నల్లగా నవనవలాడింది, పరకలు వేళ్లతో నలిపితే పొడైపోయాయి.

ఎకరాకు రెండు టన్నుల గడ్డి ఉందనుకుంటే అందులో కర్బనం దాదాపు 800 కిలోలు, నత్రజని 12 కిలోలకు అటూ ఇటూ. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఆ నత్రజని చాలదు. లోటు నేలలోంచి లాక్కుంటాయి. అది ఎక్కడికీ పోదు, ఆ జీవులు చచ్చాక మళ్లీ నేలకే వస్తుంది. కానీ అప్పటికి లేత మొక్క ఆకలితో గిడసబారిపోతుంది. నేను యూరియా పైపాటుగా వేస్తే పచ్చబడింది గానీ, వెనకబడిన ఎదుగుదల తిరిగి రాలేదు.

ఈ ఏడాది గడ్డిమీద ఎకరాకు 20 కిలోల యూరియా చల్లి వెంటనే దున్నించాను. పైనే వదిలేస్తే ఆవిరైపోతుంది. తేలికగా తడి ఇచ్చి, మూడు వారాలు ఆగి విత్తాను. ఇది అదనపు ఎరువు కాదు, తర్వాత వేసే పైపాటులో ఆ మేరకు తగ్గించాలి. అదను దాటిపోయి ఆగలేనివాళ్లు వదులు గడ్డి తీసేసి కొయ్యకాళ్లు మాత్రమే దున్నుకోవడం మేలు. మినుము, పెసరకు ఈ బెడద అంతగా ఉండదు, వేరుబుడిపెలు వచ్చాక వాటి నత్రజని అవే తెచ్చుకుంటాయి.

అయితే ఆ 20 కిలోల కోసం ఎంత తిరిగానో! అడిగిన చోటల్లా "పంట వేశాక రండి" అన్నారు. ఈ ఎరువు పంట వెయ్యకముందే కావాలి. వ్యవసాయ శాఖ వారు కోతల సమయంలోనే గడ్డి దున్నే రైతుకు అర బస్తా యూరియా ఇప్పించాలి. రైతు సేవా కేంద్రాల్లో గడ్డి కాల్చొద్దని పెట్టే బోర్డు కిందనే, దున్నాక మూడు వారాలు ఆగమని కూడా రాయించాలి.

ఒక రైతు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా