ఋతువులకు కారణం దూరం కాదు, వంపు

సంపాదకుడికి,

ఏటా జులై వచ్చేసరికి ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. మామూలుగా 9 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండే సూర్యుడు ‘అఫీలియన్’ వల్ల, అంటే భూమి కక్ష్యలో సూర్యుడికి అత్యంత దూరాన ఉండే చోటికి చేరడం వల్ల, 15.2 కోట్ల కిలోమీటర్లకు వెళ్లిపోతున్నాడని, ఆగస్టు దాకా చలి ముదిరి జలుబులు, ఒళ్లునొప్పులు వస్తాయని దాని సారాంశం. ఇందులో రెండో అంకె నిజం, మొదటిది అబద్ధం. భూమికీ సూర్యుడికీ సగటు దూరం 14.96 కోట్ల కిలోమీటర్లు. జనవరి మొదటి వారంలో అది 14.71 కోట్లకు తగ్గుతుంది, జులై మొదటి వారంలో 15.21 కోట్లకు పెరుగుతుంది. తేడా మూడు శాతం పైచిలుకు మాత్రమే. చదువుకున్నవాళ్లు కూడా ఈ సందేశాన్ని ఇట్టే నమ్మడానికి కారణం, సూర్యుడు దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అన్న భావన బడిలోనే నాటుకుపోవడం. ఈ లేఖ దాని గురించే.

తప్పు ఎక్కువగా గోడ మీది చార్టులోనే మొదలవుతోంది. ఋతువుల బొమ్మలో భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు. నిజానికి అది దాదాపు గుండ్రంగా ఉండే కక్ష్యను ఏటవాలుగా, పక్క నుంచి చూస్తున్నట్టు గీసిన బొమ్మ. ఆ మాట చార్టు మీద ఎక్కడా ఉండదు కాబట్టి పిల్లలు దాన్నే అసలు ఆకారం అనుకుంటారు. భూకక్ష్యను కాగితం మీద 20 సెంటీమీటర్ల పొడవున కొలత ప్రకారం గీస్తే, వెడల్పు తగ్గేది మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. పెన్సిలు గీత మందం అంతకంటే ఎక్కువ. సూర్యుడు మాత్రం నడిమధ్య నుంచి 1.7 మిల్లీమీటర్లు పక్కకు ఉంటాడు. జనవరి, జులై దూరాల తేడా అంతా ఆ కాస్త జరుగుడు వల్ల వచ్చిందే.

దూరమే కారణమైతే భూమి మొత్తం మీద ఒకేసారి ఎండాకాలం రావాలి. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదలయ్యే టెస్టు మ్యాచ్ అక్కడి నడివేసవిలో జరుగుతుంది. అక్కడి తెలుగువాళ్లకు సంక్రాంతి ఎండల్లో వస్తుంది.

అసలు కారణం భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండటం. హైదరాబాదునే తీసుకుందాం. ఈ నగరం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి దక్షిణంగా 40.8 డిగ్రీలు దిగి ఉంటాడు. నిటారుగా పడితే ఒక చదరపు మీటరులో సర్దుకునే వెలుగు ఆ ఏటవాలుకు 1.32 చదరపు మీటర్ల నేల మీద పరుచుకుంటుంది. జూన్ 21న సూర్యుడు నడినెత్తికి 6 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు, కిరణాలు దాదాపు నిలువుగా పడతాయి. పైగా ఆ రోజు పగలు డిసెంబరు పగలు కంటే రెండు గంటలు ఎక్కువ. ఈ రెండూ కలిపి లెక్కవేస్తే, మబ్బులూ గాలీ అడ్డులేవనుకున్నప్పుడు, డిసెంబరు 21న హైదరాబాదు నేలకు అందే వేడి జూన్ 21 కంటే 35 శాతం తక్కువ. మరి డిసెంబరులో సూర్యుడు దగ్గరగా ఉన్నాడు కదా? ఆ దగ్గరితనాన్ని కూడా లెక్కలో కలిపితే లోటు 30 శాతానికి తగ్గుతుంది. అంటే మన దగ్గర దూరం ఋతువులకు తోడు రావడం లేదు, వాటి తీవ్రతను కాస్త తగ్గిస్తోంది.

ఇక్కడ ఇంకో పొరపాటు ఉంది, ఉపాధ్యాయులు కూడా అనే మాటే. “వంపు వల్ల వేసవిలో ఉత్తరార్ధగోళం సూర్యుడికి దగ్గరవుతుంది” అంటారు. భూమి వ్యాసమే 12,742 కిలోమీటర్లు. 15 కోట్ల కిలోమీటర్ల ముందు అదెంత? వంపు చేసే పని కిరణాలు పడే కోణాన్ని, పగటి నిడివిని మార్చడమే.

అలాంటప్పుడు జూన్ 21 కంటే మే నెలలో ఎండ ఎందుకు ఎక్కువ అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండే రోజులు ఏడాదికి రెండు: మే 9, ఆగస్టు 3 ప్రాంతాలు. రెండు రోజులూ సూర్యుడి ఎత్తు ఒకటే. అయినా మేలో పాదరసం 40 డిగ్రీల దాకా ఎగబాకితే ఆగస్టులో 30 దగ్గరే ఆగుతుంది. జూన్‌లో నైరుతి ఋతుపవనాలు రాగానే మబ్బు ఎండను ఆపుతుంది, అందిన వేడిలో చాలా భాగం తడినేల ఆరడానికే ఖర్చవుతుంది. వంపు ఎంత వేడి పంపుతుందో నిర్ణయిస్తుంది. దాన్ని నేల, నీరు, మబ్బు ఏం చేస్తాయన్నది వేరే లెక్క. పాఠంలో ఈ రెండింటినీ విడదీసి చెప్పకపోతే పిల్లవాడికి పుస్తకమే తప్పనిపిస్తుంది.

దీన్ని ఏ బడిలోనైనా ఒక్క కర్రతో చూపించవచ్చు. మీటరు కర్రను చదును నేలలో పాతి, దారానికి రాయి కట్టి వేలాడదీసి అది నిటారుగా ఉందో లేదో చూడాలి. ఉత్తరానికో దక్షిణానికో ఒక్క డిగ్రీ ఒరిగినా నీడ 1.7 సెంటీమీటర్లు తేడా చూపిస్తుంది. గడియారంలో 12 కొట్టగానే కొలిచేయడం అందరూ చేసే తప్పు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. హైదరాబాదు దానికి పడమరన ఉంది కాబట్టి అసలు మధ్యాహ్నం నెలను బట్టి 12 నుంచి 12.30 మధ్య ఎప్పుడైనా అవుతుంది. అందుకని 11.50 నుంచి 12.40 దాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొన దగ్గర గుర్తుపెట్టి, అన్నిటిలో పొట్టిదాన్ని తీసుకోవాలి. నీడ కొన మసకగా ఉంటుంది, ఆ మసక మధ్యలో గుర్తు పెడితే సరి. డిసెంబరు 21న 86 సెంటీమీటర్లు, మార్చి 21న 31, జూన్ 21న సుమారు పదిన్నర రావాలి. జూన్‌లో నీడ దక్షిణం వైపు పడుతుంది. మబ్బు పట్టిన రోజైతే ఆ పక్క రోజు కొలిచినా చాలు, డిసెంబరు, జూన్ తేదీల్లో తేడా బహు స్వల్పం, మార్చిలో మాత్రం రోజుకు ముప్పావు సెంటీమీటరు దాకా ఉంటుంది.

తరగతిలో గ్లోబు, బల్బుతో చూపేవాళ్లకు ఒక హెచ్చరిక. బల్బు చుట్టూ తిరుగుతూ గ్లోబు తలను ప్రతిచోటా బల్బు వైపే వంచి పట్టుకుంటారు. అలా అయితే ఉత్తరార్ధగోళానికి ఏడాదంతా వేసవే. అక్షం ఎప్పుడూ ఒకే దిక్కుకు, ధ్రువ నక్షత్రం వైపుకు ఉంటుంది. గదిలో ఒక గోడను ఎంచుకుని, ఎటు నడిచినా గ్లోబు పై కొన ఆ గోడ వైపే ఉండేలా పట్టుకోవాలి. బల్బు గ్లోబు నడుము ఎత్తులో ఉండాలి.

రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తక రచయితలకు, చార్టులు అచ్చువేసేవారికి మా విన్నపం: ఋతువుల బొమ్మలో కక్ష్యను పై నుంచి చూసినట్టు గుండ్రంగా గీయండి. ఏటవాలు బొమ్మే కావాలంటే, అది పక్క నుంచి చూసిన దృశ్యమని కింద రాసి, జనవరి, జులై దూరాలను అంకెల్లో వేయండి. మీ పత్రిక కూడా జులై మొదటి వారంలో ఆ రెండు అంకెలను ఒక చిన్న పెట్టెలో ప్రచురిస్తే, ఆ సందేశం అందుకున్నవాళ్లు సరిచూసుకోవడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

— కొందరు భూగోళ, భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, హైదరాబాదు