అన్నీ నార్మలే అన్న రిపోర్టుల్లో తగ్గిపోయిన వడపోత

సంపాదకులకు నమస్కారం.

రక్తపరీక్ష రిపోర్టులో ఏదైనా అంకె హద్దు దాటితే దాని పక్కన చుక్క గుర్తు పడుతుంది, లేదా ఆ అంకె లావుగా అచ్చవుతుంది. గుర్తు లేని పేజీని సాధారణంగా ఎవరూ రెండోసారి తిప్పి చూడరు. పద్ధతిలో ఉన్న ఈ లోపం వల్ల ఎంత నష్టం జరుగుతుందో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటి రిపోర్టులు చూస్తే తెలుస్తుంది. వాటి గురించి రాయాలనిపించింది.

ఆయన భార్యకు 64 ఏళ్లు. షుగర్ చాలాకాలంగా ఉంది. కళ్లలో శుక్లాల వల్ల సన్న అక్షరాలు ఆమెకు ఆనవు. అందుకని మాస్టారు రిపోర్టులన్నీ తేదీల వారీగా పేర్చి, ఒక్కొక్కటీ పైకి చదివి వినిపించడం మొదలుపెట్టారు. చుక్క పడ్డ అంకెలే కాదు, పై వరుస నుంచి అడుగున ఉన్న గమనిక దాకా అన్నీ చదివేవారు. ఒక పాత నోటుపుస్తకంలో తేదీ, పరీక్ష పేరు, అంకె, కొలమానం అని నాలుగు గడులు గీసుకుని రాసుకున్నారు.

అలా రాస్తుండగా క్రియాటినిన్ గడి ఆయన కంట్లో పడింది. ఆమెకు 60 ఏళ్లప్పుడు 0.7, 62 ఏళ్లప్పుడు 0.9, ఇప్పుడు 1.1. రిపోర్టులో అచ్చువేసిన హద్దు 0.6 నుంచి 1.2. మూడూ హద్దులోనే ఉన్నాయి కాబట్టి ఒక్కదానికీ చుక్క లేదు. కానీ క్రియాటినిన్ అనేది కండరాల నుంచి వచ్చే వ్యర్థం. అది రక్తంలో ఎంత మిగిలిందో తెలిస్తే మూత్రపిండాలు ఎంత వడపోశాయో అంచనా కట్టవచ్చు. ఆ అంచనా పేరు ఈజీఎఫ్ఆర్. క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 సూత్రం ప్రకారం ఆ మూడు అంకెలకు వడపోత వరసగా 99, 72, 56 వస్తుంది. నాలుగేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది, అయినా రిపోర్టు ఒక్కసారీ హెచ్చరించలేదు. ఆ హద్దు ఎంతోమంది ఆరోగ్యవంతుల అంకెలు చూసి గీసినది. ఈ ఒక్క మనిషి నిన్న ఎక్కడుంది, ఇవాళ ఎక్కడుంది అన్నది దానికి తెలియదు.

అయితే మూడో రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అచ్చయి ఉంది. అక్కడ 56 లేదు, 75 ఉంది! మాస్టారు పై వరుస చదివినప్పుడు కారణం దొరికింది. పేరు ఆమెదే, వయసు సరిగ్గానే ఉంది, ఆ పక్కన ‘మేల్’ అని ఉంది. "అదేంటండీ, నన్ను మగవాళ్లలో రాశారా?" అని ముందు అడిగింది ఆమే. కౌంటర్లో వివరాలు ఎక్కించేటప్పుడు ఒక్క మీట తప్పు నొక్కితే చాలు. అదే 1.1 మగవాడికైతే 75, ఆమెకు 56. పేరు తప్పు పడితే ఎవరైనా పట్టుకుంటారు. ఈ తప్పు మాత్రం మొత్తం పైకి చదివితే తప్ప దొరకదు.

పైకి చదవడం వల్ల ఇంకో మేలు జరిగింది. తేదీ వినగానే ఆ వారం ఏం జరిగిందో ఆమెకు గుర్తొచ్చేది. మూడో రిపోర్టు తేదీ చదవగానే, "అప్పుడు మోకాళ్లకి ఆ నొప్పి మాత్ర పది రోజులు వేసుకున్నానుగా" అంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకం మాత్రలు మూత్రపిండాల్లోకి వచ్చే రక్తాన్ని తగ్గిస్తాయి. అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలున్నవాళ్లలో క్రియాటినిన్ పెరగడానికి అదే చాలు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, పరీక్షకు ముందు మాంసం ఎక్కువగా తిన్నా ఆ అంకె తాత్కాలికంగా పెరగవచ్చు. అందుకే ఒక్క రిపోర్టు చూసి జబ్బు అని తేల్చరు. కనీసం మూడు నెలల తేడాతో మళ్లీ చూడాలి.

అంతకుముందు మాస్టారు డాక్టరుగారిని అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నీ నార్మలేనాండీ?" దానికి "నార్మలే" అనే జవాబే వస్తుంది. ఆ ప్రశ్నకు అది సరైన జవాబే. ఈసారి నోటుపుస్తకం ముందు పెట్టి, "నాలుగేళ్లలో 0.7 నుంచి 1.1కి వచ్చిందండీ. ఆడమనిషిగా లెక్కేస్తే వడపోత ఎంత? ఇందులో నొప్పి మాత్ర వల్ల పెరిగింది ఎంత? మూత్రంలో ఆల్బుమిన్ ఎప్పుడు చూశాం?" అని అడిగారు.

మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైంది. ఆల్బుమిన్ రక్తంలో ఉండే ఒక ప్రొటీన్, మూత్రపిండాలు దెబ్బతింటే అది మూత్రంలోకి జారిపోతుంది. మామూలు మూత్రపరీక్షలో ‘ఆల్బుమిన్ నిల్’ అని ఉంది. కానీ ఆ పరీక్షలో మూత్రంలో ముంచే పట్టీ కొద్దిపాటి ఆల్బుమిన్‌ను పట్టుకోలేదు. మూత్రం పలచగా ఉంటే మరీ కష్టం. దీనికి వేరే పరీక్ష ఉంది: ఆల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి. పొద్దున లేవగానే పట్టిన మూత్రం అయితే మంచిది. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, గట్టి వ్యాయామం ఉన్న రోజుల్లో అంకె ఉత్తుత్తినే పెరుగుతుంది. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఆమెకు 140 వచ్చింది. నొప్పి మాత్ర మానేసి మూడు నెలల తర్వాత చూస్తే 118, క్రియాటినిన్ 1.0, వడపోత 63. మాత్ర వల్ల పెరిగినది తగ్గిందన్నమాట. వడపోత తగ్గిందనడానికి గీత 60, అది దాటినా ఆల్బుమిన్ పోలేదు కాబట్టి మూత్రపిండాలు దెబ్బతిన్నాయనే డాక్టరు తేల్చి టెల్మిసార్టాన్ అనే బీపీ మందు మొదలుపెట్టారు.

అప్పుడు మాస్టారు ఇంకొకటి అడిగారు: "ఎన్ని వారాలకు మళ్లీ చూపించాలి? ఎంత పెరిగితే మీకు చెప్పాలి?" ఈ రకం మందు మొదలుపెట్టిన 2 నుంచి 4 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. మందు మూత్రపిండాల్లోని పీడనాన్ని తగ్గిస్తుంది కాబట్టి మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరగడం సహజమే. 30 శాతం లోపు పెరుగుదలకు మందు ఆపరు. ఆమెకు 1.0 నుంచి 1.2 అయింది, అంటే 20 శాతం. ముందే అడగకపోయి ఉంటే ఆ అంకె చూసి కంగారుపడి మాత్ర మానేసేవారే. అలా మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈజీఎఫ్ఆర్ కూడా అంచనాయే. బాగా చిక్కిపోయి కండ కరిగినవాళ్లలో క్రియాటినిన్ తక్కువగా తయారవుతుంది, దాంతో వడపోత ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. అలాంటివాళ్లకు కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష తోడు చేసుకోవాలి.

ప్రయోగశాలల నిర్వాహకులకు ఈ లేఖ ద్వారా నా విన్నపం. పెద్దవాళ్లకు క్రియాటినిన్ చేసిన ప్రతిసారీ ఈజీఎఫ్ఆర్ కూడా అచ్చువేయండి. అదే వ్యక్తి పాత అంకెలు మీ కంప్యూటర్లోనే ఉంటాయి, కనీసం గత మూడింటిని తేదీలతో పక్క గడిలో ఇవ్వండి. కౌంటర్లో వివరాలు ఎక్కించాక వయసు, ఆడా మగా అన్నది ఒక్కసారి పైకి చదివి ఎదుటివాళ్ల చేత అవుననిపించుకోండి. పది సెకన్ల పని అది.

భవదీయుడు,
ఒక ప్రయోగశాల సాంకేతిక నిపుణుడు