విషయం: సొంత కారును వ్యాపార లెక్కల్లోకి తప్పుడు ధరకు ఎక్కించడం గురించి ఫిర్యాదు

గుంటూరు,
11 మే 2026

మేనేజర్ గారికి,

నమస్కారం. వాటర్ ప్యూరిఫయర్ల అమ్మకం, రిపేరు చేసే మా షాపు లెక్కలు రెండేళ్లుగా మీ సంస్థే రాస్తోంది. నెలనెలా ఫీజు ఆలస్యం లేకుండా కడుతున్నాను. అయినా మీరు చేసిన ఒక తప్పు వల్ల పోయిన వారం బ్యాంకులో తలదించుకోవాల్సి వచ్చింది.

2019లో ఇంటి అవసరాలకని రూ. 9,20,000 పెట్టి కారు కొన్నాను. సర్వీసు కాల్స్ పెరగడంతో 2025 అక్టోబరు 1 నుంచి దాన్ని షాపుకే ఇచ్చేశాను. అప్పటికి అది 71 వేల కిలోమీటర్లు తిరిగిన బండి. ఎడమవైపు వెనక తలుపు మీద మా అబ్బాయి సైకిలు గీత ఇంకా అలాగే ఉంది. ఇద్దరు సెకండ్ హ్యాండ్ డీలర్లకు చూపిస్తే ఒకరు 4,35,000, ఇంకొకరు 4,50,000 అని కాగితం మీద రాసిచ్చారు. ఇన్సూరెన్స్ పాలసీలో ఐడీవీ 4,25,000 ఉంది. వీటిని బట్టి రూ. 4,40,000 అని నిర్ణయించి, ఆ కాగితాలన్నీ అదే వారం మీకు మెయిల్ చేశాను.

మీరు వాటిని పక్కన పెట్టి, పాత ఇన్‌వాయిస్ చూసి కారు ఖాతాకు 9,20,000 డెబిట్, నా క్యాపిటల్ ఖాతాకు 9,20,000 క్రెడిట్ రాశారు. రెండు వైపులా ఒకే అంకె కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయింది, తప్పు ఎవరి కంటా పడలేదు. సీసీ లిమిట్ పెంచమని అడగడానికి వెళ్లినప్పుడు బ్యాంకు ఆఫీసరు బ్యాలెన్స్ షీటు మీద వేలు పెట్టి, "ఆరేళ్లు దాటిన బండి ఎనిమిదిన్నర లక్షలా అండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పెట్టుబడి ఎక్కువ చూపించి అప్పు అడుగుతున్నానని ఆయన అనుకుని ఉంటే తప్పు పట్టలేను.

ఫోన్ చేస్తే మీ అకౌంటెంట్, "కొన్న ధరకే రాయాలి సార్, అదే పద్ధతి" అన్నారు. పద్ధతి సరే, కొన్నది ఎవరు? 2019లో కొన్నది నా ఇల్లు. షాపు చేతికి కారు వచ్చింది 2025 అక్టోబరు 1న. ఆ రోజు దాని విలువ ఎంతో, షాపుకి అయిన ఖర్చు అంతే. నేను ఆ కారును డీలరుకి అమ్మేసి, వచ్చిన 4,40,000 షాపు ఖాతాలో వేసి, ఆ డబ్బుతో షాపు అలాంటి కారే కొని ఉంటే మీరు 9,20,000 రాసేవారా? ఆరేళ్లలో తిరుపతికీ, పెళ్లిళ్లకీ, పిల్లల కాలేజీకీ తిరిగి అరిగిన అరుగుదల మా ఇంటి ఖర్చు. దాన్ని షాపు నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

"అయితే ప్రతి ఏడాదీ మార్కెట్ రేటు మారుస్తారా?" అని కూడా ఆయన అడిగారు. అక్కర్లేదు. మార్కెట్ విలువ చూసేది లోపలికి వచ్చిన ఆ ఒక్క రోజే. అక్కడి నుంచి అదే కొన్న ధరలా నిలబడుతుంది, దాని మీదే తరుగుదల వేస్తాం.

తరుగుదలలోనూ ఈ తప్పు పాకింది. మన పుస్తకాల్లో ఏడాదికి 15 శాతం చొప్పున మార్చి 31 వరకు ఆరు నెలలకు మీరు 69,000 వేశారు. 4,40,000 మీద 33,000 పడాలి. అంటే లాభం 36,000 తక్కువ కనిపించింది, కారు విలువ 4,07,000 ఉండాల్సింది 8,51,000గా మిగిలింది. రేపు ఆ బండిని నాలుగు లక్షలకు అమ్మితే పుస్తకాల్లో నాలుగున్నర లక్షల నష్టం కనబడుతుంది. షాపుకి నిజంగా పోయేది ఏడు వేలే.

కాబట్టి క్యాపిటల్ ఖాతాకు 4,80,000 డెబిట్ రాసి కారు ఖాతాకు క్రెడిట్ చేయండి. ఎక్కువ పడిన 36,000 తరుగుదలను వెనక్కి తిప్పండి. ఓచరుకి డీలర్ల కాగితాలు, పాలసీ కాపీ జత చేసి, ఈ విలువ ఎలా వచ్చిందో రెండు లైన్ల వివరణ రాయండి. ఆదాయపు పన్నులో తరుగుదలకు ఏ ధర తీసుకోవాలన్నది వేరే లెక్క, చట్టంలో దానికి వేరే నిర్వచనం ఉంది. రిటర్ను ఇంకా వేయలేదు కనుక అది మా ఆడిటర్ గారు చూసుకుంటారు. మీరు అందులో చేయి పెట్టవద్దు.

సవరించిన బ్యాలెన్స్ షీటుతో పాటు, తప్పు మీ వల్లే జరిగిందని బ్యాంకుకి చూపించడానికి మీ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ మే 20 లోపు నాకు అందాలి. అంతవరకు ఈ నెల ఫీజు కట్టను.

ఇట్లు,
ప్రొప్రైటర్

జత: డీలర్ల కాగితాలు 2, పాలసీ కాపీ, అక్టోబరులో పంపిన మెయిల్ ప్రింటు