కాలనీ రీడింగ్ రూం రంగుల జమా ఖర్చులు, హనుమకొండ

కాలనీవాసులకు నమస్కారం. బతుకమ్మ పండుగలోపు రీడింగ్ రూం గోడలకు రంగు వేయించాలని మీటింగులో అనుకున్నాం, పని అయిపోయింది. లెక్క ఇది.

జమ: 58 ఇళ్ల నుంచి 200 చొప్పున 11,600 రూపాయలు. పాత నిల్వ 640. మొత్తం 12,240.

రంగు ఎంత కొనాలన్న దగ్గరే ఎక్కువ చర్చ జరిగింది. పెయింటర్ పది లీటర్ల బకెట్ తెమ్మన్నాడు. మేం టేపు పట్టి కొలిచాం. గది 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. చుట్టుకొలత 80 అడుగులు కాబట్టి నాలుగు గోడలూ కలిపి 800 చదరపు అడుగులు. రెండు తలుపులు (ఒక్కొక్కటి మూడున్నర బై ఏడు) 49, నాలుగు కిటికీలు (నాలుగు బై నాలుగు) 64, మొత్తం 113 తీసేస్తే 687 మిగిలింది. కిటికీ చట్రాలు గోడ లోపలి మట్టానికే ఉన్నాయి, అందుకే అంచులు విడిగా కలపలేదు. సీలింగ్ ఈసారి ముట్టుకోలేదు.

డబ్బా మీద రెండు కోట్లకు లీటరుకు 120 నుంచి 140 చదరపు అడుగులని ఉంది. అది నున్నటి గోడ మాట. మనది పాత గోడ కాబట్టి 120 పట్టుకున్నాం. 687ని 120తో భాగిస్తే 5.7 లీటర్లు. ఈ అంకె ఒక కోటుకా, రెండు కోట్లకా అన్నది చూడకపోతే లెక్క సగానికి సగం తప్పుతుంది. వరంగల్ చౌరస్తాలో నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరువి రెండు తెచ్చాం.

తలుపులూ కిటికీలూ రంగులో తీసేసి కూలిలో ఎందుకు తీయలేదని కొందరు అడిగారు. తలుపు ఉన్నచోట రంగు పడదు, కానీ చట్రం చుట్టూ టేపు అంటించి, చిన్న బ్రష్‌తో గీత తప్పకుండా తీయడానికి ఖాళీ గోడకంటే ఎక్కువ సమయం పడుతుంది. బేరంలోనే 800 అడుగులకు 9 రూపాయల చొప్పున ఒప్పుకున్నాం.

ఖర్చు: రంగు 1,660. చెమ్మ పట్టి ఆరిన ఉత్తరం గోడకు ప్రైమర్ రెండు లీటర్లు 320. పుట్టీ 210. రోలర్, బ్రష్‌లు, గరుకు కాగితం, టేపు 480. కూలి 7,200. ఆటో 150. మొత్తం 10,020.

మొదటి కోటు అయ్యాక పెద్ద డబ్బాలో లీటరు మిగిలింది, అంటే మూడు లీటర్లు పట్టింది. అప్పుడే ధైర్యం వచ్చింది. రెండో కోటు మొదటిదానికంటే తక్కువే తాగుతుంది. మరీ ఎక్కువ మిగిలి ఉంటే నీళ్లు ఎక్కువ కలిపారేమోనని అనుమానించాల్సి వచ్చేది, గోడమీద పాత రంగు మచ్చలుగా కనిపించేది కూడా. చివరికి పావు లీటరు మిగిలింది. మూత మీద షేడ్ నంబర్ రాసి బీరువాలో పెట్టాం, గీతలు పడినచోట అద్దుకోవచ్చు.

నిల్వ 2,220 రూపాయలు కోశాధికారి దగ్గర ఉంది. బిల్లులు రీడింగ్ రూంలోని ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.